గీత కింద ఉన్న షేరు: ఆల్ఫా చూసి ధర ఎక్కువో కాదో తేల్చుకోవడం

(మదుపరుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైప్ చేసింది.)

వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే. ఇందాక టీ తాగుతుంటే ఒకాయన ఫోన్ తీసి చూపించారు. సార్, ఈ షేరుకి ఆల్ఫా 18 శాతం అని చూపిస్తోంది, అంటే ఇది గీతకి చాలా పైన ఉన్నట్టే కదా, అంటే ఇంకా చవకే కదా, కొనేయొచ్చా? అని. ప్రశ్న మంచిదే. అందులో ఉన్న పదాలన్నీ సరైనవే. కానీ ఆ 18 చూసి చవక అనుకోవడం మాత్రం సరి కాదు. ఎందుకో చెప్పాలంటే ముందు గీత గీయాలి. బోర్డు మీద గీస్తాను, లెక్క చాలా చిన్నది, భయపడకండి.

అడ్డంగా బీటా. నిలువుగా రాబడి. నిలువుగా ఉన్నది ధర కాదు, రాబడి. ఇది కాస్త గట్టిగా చెప్తున్నా, ఎందుకంటే సగం తికమక ఇక్కడే మొదలవుతుంది. ఇప్పుడు రెండు చుక్కలు పెడదాం. బీటా సున్నా దగ్గర మన పదేళ్ళ ప్రభుత్వ బాండు, 7 శాతం అనుకుందాం. బీటా 1 దగ్గర మొత్తం మార్కెట్. మార్కెట్లో డబ్బు పెట్టే మనిషి బాండు కంటే ఇంకో 6 శాతం ఎక్కువ ఆశిస్తాడు అనుకుందాం, అప్పుడది 13. ఈ 6 ఎవరూ శిలాశాసనం మీద చెక్కింది కాదు, 5 వాడేవాళ్ళున్నారు, 8 వాడేవాళ్ళున్నారు, ఇవాళ్టికి 6 పెట్టుకుందాం. రెండు చుక్కల్ని కలుపుతూ గీత గీసి, కుడివైపుకి సాగదీయండి. ఇదే సెక్యూరిటీ మార్కెట్ లైన్.

```
R = 7 + β × 6
```

ఈ గీత చెప్పేది ఒక్కటే. ఇంత రిస్కు ఉన్న షేరు కొనాలంటే ఇంత రాబడి వచ్చేలా ఉండాలి, అంతకు తక్కువైతే నేను కొనను అని మార్కెట్ పెట్టిన షరతు. మరి రిస్కు అంటే బీటా ఒక్కటేనా? కంపెనీకి వెయ్యి కష్టాలుంటాయి కదా? ఉంటాయి. హైదరాబాదులో ఒక ఫార్మా కంపెనీ ఉంది, అమెరికా ఎఫ్‌డీఏ వాళ్ళు తనిఖీకొచ్చి వార్నింగ్ లెటర్ ఇచ్చారనుకోండి, షేరు ఆ రోజు ఢమాల్. కానీ మీ దగ్గర పాతిక ముప్పై రకాల షేర్లుంటే, ఒకదానికి అలాంటి దెబ్బ తగిలిన ఏడాది ఇంకోదానికి కలిసొస్తుంది, మొత్తం మీద అది అంతగా కనపడదు. మీరు తేలిగ్గా వదిలించుకోగల రిస్కుకి మార్కెట్ మీకు జీతం ఇవ్వదు. వదిలించుకోలేనిది మార్కెట్ మొత్తం పడినప్పుడు మీ షేరు ఎంత పడుతుందన్నది. దానికి కొలతే బీటా. 1964లో విలియం షార్ప్ రాసింది ఇదే, 1990లో ఆయనకి నోబెల్ వచ్చింది.

ఇప్పుడు ఒక షేరు తీసుకుందాం. పేరు పెట్టను, పేరు పెడితే మీరు ఇంటికెళ్ళి దాన్నే చూస్తారు. ధర 500 రూపాయలు. బీటా 1.3. వచ్చే ఏడాది డివిడెండు 10 రూపాయలు ఇస్తుందని, ఏడాది చివరికి ధర 550 అవుతుందని మీ అంచనా. ఇది మీ అంచనా, కంపెనీ పద్దులు చదివి, ఆర్డర్లు చూసి, అప్పులు చూసి మీరు వేసుకున్నది. పెట్టింది 500, వచ్చేది 560. రాబడి 12 శాతం.

12 శాతం. బాగుందా బాగాలేదా? ఫిక్స్‌డ్ డిపాజిట్ కంటే బాగుంది కదా అంటారు. గీతని అడుగుదాం. 1.3ని 6తో గుణిస్తే 7.8, దానికి 7 కలిపితే 14.8. ఈ షేరు ఇవ్వాల్సింది 14.8, ఇచ్చేది 12. తేడా మైనస్ 2.8. అదే ఆల్ఫా. బోర్డు మీద చుక్క పెడితే గీతకి 2.8 కింద పడుతుంది.

గీతకి కింద ఉంటే ధర ఎక్కువనా తక్కువనా? చేతులెత్తండి. ఆ... సగం సగం ఉన్నారు. కింద ఉంటే ధర ఎక్కువ. ఎత్తు చూడగానే ధర అనుకోవడం అలవాటు, అందుకే అన్నాను నిలువుగా ఉన్నది రాబడి అని. ఏడాది చివర వచ్చే 560 మారదు అనుకోండి. ఇవాళ ఎక్కువ పెట్టి కొంటే రాబడి తగ్గుతుంది, తక్కువ పెట్టి కొంటే పెరుగుతుంది. ఈ షేరు ఇవాళ ఎక్కువ ధరకి ఉంది కాబట్టే రాబడి 12కి దిగిపోయింది. ధర పడితే చుక్క పైకి లేస్తుంది, లేచి లేచి గీత మీద కూర్చుంటుంది. ఏ ధర దగ్గర కూర్చుంటుంది? 560ని 1.148తో భాగించండి. సుమారు 488.

ఓహో, 500 షేరు 488 ఉండాలి, అంతేనా సార్, పన్నెండు రూపాయల కోసమా ఇంత హడావుడి అంటారు మీరు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇక్కడ ఒక్క నిమిషం నిలబడండి, నాకు ఈ మొత్తం విషయంలో ముఖ్యమనిపించేది ఇదే.

ఈ 488లో మనకి తెలియకుండా ఒక మాట ఒప్పేసుకున్నాం. ఏడాది తర్వాత వచ్చే 550 సరైన ధరేనని ఒప్పుకున్నాం. అంటే తప్పు ధర ఒక్క ఏడాదిలో సర్దుకుంటుందని. అలా ఎందుకు సర్దుకోవాలి? అయిదేళ్ళు పట్టిందనుకోండి. ప్రతి ఏడాదీ 14.8 రావాల్సిన చోట 12 వస్తూ, అయిదో ఏడాది చివరకి ధర సరైన చోటికి చేరుతుంది. అప్పుడు 500ని అయిదు సార్లు 1.12తో గుణించి, అయిదు సార్లు 1.148తో భాగిస్తే, ఇవాళ ఉండాల్సిన ధర 442 దగ్గర తేలుతుంది. ఇప్పుడు పన్నెండు రూపాయలు కాదు, దాదాపు అరవై.

ఇంకో కొసకి వెళ్దాం. అసలు సర్దుకోదు, ఈ డివిడెండు ఏటా 10 శాతం పెరుగుతూనే ఉంటుంది, ఎప్పటికీ. 500 మీద 10 రూపాయల డివిడెండు అంటే 2 శాతం, పెరుగుదల 10 శాతం, కలిపితే అదే 12. మరి 14.8 కావాలనుకునే మనిషి ఈ డివిడెండ్ల వరసకి ఎంత ఇస్తాడు? 14.8లోంచి 10 తీసేస్తే 4.8. పది రూపాయల్ని 0.048తో భాగించండి. 208. రెండు వందల ఎనిమిది రూపాయలు!

చూశారా. ఆల్ఫా మూడు చోట్లా ఒక్కటే, మైనస్ 2.8. ఒక లెక్కలో షేరు విలువ 488, ఇంకోదాంట్లో 442, ఇంకోదాంట్లో 208. అందుకే ఎవరైనా ఆల్ఫా మైనస్ 2.8 కాబట్టి ఈ షేరు 2.8 శాతం ఖరీదెక్కువ అంటే, ఆ తప్పు ధర ఎన్నేళ్ళు ఉంటుందనుకుంటున్నారు బాబూ అని అడగండి. ఆల్ఫా ఏడాదికి ఇంత కారుతోందని చెప్తుంది. మొత్తం ఎంత కారుతుందో కాలం చెప్తుంది. ధర ఎక్కువా కాదా అన్నదానికి గీత చాలు, ఎంత ఎక్కువ అన్నదానికి చాలదు.

ఇప్పుడు ఫోన్లో కనపడ్డ ఆ 18కి వద్దాం. అది ఎక్కడి నుంచి వచ్చింది? గడిచిన నెలల రాబడులు తీసుకుని, వాటిలోంచి ఆ నెలకి ప్రభుత్వ బాండు లాంటి రిస్కులేని రాబడి తీసేసి, మార్కెట్ రాబడితో కూడా అలాగే చేసి, రెంటికీ మధ్య ఇంకో గీత గీసి, ఆ కొత్త గీత నిలువు రేఖని ఎక్కడ కోస్తుందో చూస్తారు. 1968లో మైకేల్ జెన్సెన్ అనే ఆయన అమెరికాలో 115 మ్యూచువల్ ఫండ్ల మీద ఈ లెక్క కట్టాడు. ఆయన అడిగింది వేరే ప్రశ్న. ఈ మేనేజర్లు తీసుకున్న రిస్కుకి మించి సంపాదించారా అని. సంపాదించారా అన్నది జరిగిపోయినదాని గురించి. గడిచిన పని బాగోగులు కొలవడానికి అది పనిముట్టు. మనం అడుగుతున్నది ఇవాళ్టి ధర దగ్గర కొంటే ఇకపై ఏమొస్తుందని. ఒకే పేరు, ఆల్ఫా. ఒకటి వెనక్కి చూసేది, ఒకటి ముందుకి చూసేది.

ఈ రెండూ తరచుగా ఎదురెదురు దిక్కులు చూపిస్తాయి. ఎందుకంటే వెనకటి ఆల్ఫా పెద్దదవ్వాలంటే ధర బాగా పెరిగి ఉండాలి. లాభం పెరిగిన దానికంటే ధర ఎక్కువ పెరిగిందనుకోండి, ఆ పెరగడమే ముందు రాబోయే రాబడిని తినేస్తుంది.

నిజం కథ ఒకటి చెప్తాను. సిస్కో. ఇక్కడ ఎవరి పిల్లలో ఒకరిద్దరు అమెరికాలో అందులో పనిచేసే ఉంటారు, శాన్ హోసేలో. నెట్‌వర్క్ పరికరాలు తయారుచేసే కంపెనీ, 1990లో లిస్టయింది. తర్వాత పదేళ్ళలో షేరు వందల రెట్లు పెరిగింది. 2000 మార్చిలో వెనకటి ఆల్ఫా లెక్కేస్తే ఆ చుక్క గీతకి ఎంత పైన ఉంటుందంటే బోర్డు దాటి గోడ మీద పెట్టాలి. అప్పుడు దాని మొత్తం మార్కెట్ విలువ 500 బిలియన్ డాలర్లు దాటింది, ప్రపంచంలో అన్నిటికంటే విలువైన కంపెనీ అయింది. ఆ ఆర్థిక సంవత్సరంలో వచ్చిన లాభం సుమారు 2.7 బిలియన్లు. లాభానికి 180 రెట్లు పైగా.

ఇప్పుడు ముందుకి చూసే ఆల్ఫా కడదాం. అప్పట్లో అమెరికా పదేళ్ళ బాండు 6 శాతం పైన ఉంది. బీటా 1.5 అనుకుందాం, మార్కెట్ అదనం 5 అనుకుందాం, ఈ రెండూ నేను పెట్టుకున్నవి. రావాల్సిన రాబడి 13.5. అప్పట్లో సిస్కో డివిడెండు ఇచ్చేది కాదు, 2011లో మొదలుపెట్టింది. కాబట్టి రాబడి మొత్తం ధర పెరగడంలోంచే రావాలి. 500 బిలియన్లు ఏటా 13.5 చొప్పున పదేళ్ళు పెరిగితే ఎంత? సుమారు 1,770 బిలియన్లు. పదేళ్ళ తర్వాత కూడా జనం లాభానికి 25 రెట్లు పెడతారు అనుకుందాం, అది కూడా ఉదారంగానే. అంటే 2010 నాటికి ఏడాదికి 71 బిలియన్ల లాభం రావాలి. 2.7 నుంచి 71కి! పదేళ్ళ పాటు ఏటా 38, 39 శాతం పెరగాలి.

అయింది ఎంత? 2010 ఆర్థిక సంవత్సరంలో 7.8 బిలియన్లు. అంటే కంపెనీ ఏమైనా పాడైపోయిందా? లేదే! లాభం దాదాపు మూడు రెట్లయింది. చక్కగా నడిచిన కంపెనీ. అయినా 2000 మార్చి నాటి ధరని మళ్ళీ చూడ్డానికి ఇరవై ఏళ్ళకి పైనే పట్టింది. అందుకే నేను ఎప్పుడూ ఇలా వెనక్కి తిప్పి లెక్కేస్తాను. ఇవాళ్టి ధర పట్టుకుని, ఆల్ఫా సున్నా కావాలంటే ఈ కంపెనీ ఏం చేసి చూపించాలి అని అడుగుతాను. నా అంచనా 12 శాతమో 14 శాతమో అని గింజుకోవడం కంటే, ఏటా 38 శాతం చొప్పున పదేళ్ళు పెరగడం సాధ్యమా అన్న ప్రశ్నకి జవాబు చెప్పడం తేలిక.

సరే, ఇప్పుడు బీటా సంగతి. ఇంతసేపు 1.3, 1.5 అని దేవుడిచ్చినట్టు చెప్పుకుంటూ వచ్చాను. ఎక్కడి నుంచి వస్తుందది? మీరే కట్టుకోవచ్చు. అరవై నెలల రాబడులు, షేరువి C వరసలో, మార్కెట్‌వి D వరసలో, రెంటిలోంచీ రిస్కులేని రాబడి తీసేసి. మార్కెట్‌కి నిఫ్టీ మామూలు సూచీ కాకుండా డివిడెండ్లు కలిపిన టీఆర్ఐ వాడండి, షేరుకి కూడా డివిడెండు కలపండి. మ్యూచువల్ ఫండ్లు కూడా టీఆర్ఐతోనే పోల్చుకోవాలని సెబీ 2018 ఫిబ్రవరి నుంచి నిబంధన పెట్టింది, ఎందుకంటే డివిడెండు లేని సూచీతో పోలిస్తే అందరికీ ఉచితంగా కాస్త ఆల్ఫా వచ్చేస్తుంది. షీటులో ఇలా రాయండి.

```
=SLOPE(C2:C61,D2:D61)
=INTERCEPT(C2:C61,D2:D61)
=STEYX(C2:C61,D2:D61)/SQRT(DEVSQ(D2:D61))
```

మొదటిది బీటా. రెండోది వెనకటి ఆల్ఫా, నెలకి. మూడోది ఎవరూ రాయరు, దయచేసి అది రాయండి. బీటా ఎంత అటూ ఇటూ ఊగొచ్చో అది చెప్తుంది. మార్కెట్ నెలకి 5 శాతం ఊగుతోంది, మన షేరు మార్కెట్‌తో సంబంధం లేకుండా సొంతంగా ఇంకో 8 శాతం ఊగుతోంది అనుకోండి, మామూలు మిడ్‌క్యాప్ షేరుకి ఇదేం పెద్ద విషయం కాదు. అప్పుడు అరవై నెలలకి ఆ మూడో సంఖ్య 0.2 వస్తుంది. దానికి రెట్టింపు అటూ ఇటూ చూడాలి, అంటే 1.3 అని వచ్చిన బీటా నిజంగా 0.9 అయినా కావొచ్చు, 1.7 అయినా కావొచ్చు. గీత మీద పెడితే రావాల్సిన రాబడి 12.4 నుంచి 17.2 దాకా. మన ఆల్ఫా మైనస్ 2.8 కాస్తా మైనస్ 0.4 నుంచి మైనస్ 5.2 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. కింద ఉందన్నది దాదాపు ఖాయమే, కానీ చివరి కొసలో గీతని తాకుతోంది. ఆల్ఫా మైనస్ 1 వచ్చిందని ఉన్న షేరు అమ్మేయకండి, ఆ 1ని ఈ కొలబద్ద కొలవలేదు.

ఇదే లెక్క ఫోన్లో ఉన్న 18 మీద పెడితే ఇంకా ఘోరం. నెలకి 8 శాతం సొంత ఊగుడు ఉన్న షేరుకి అరవై నెలల్లో ఆల్ఫా పొరపాటు పరిధి నెలకి ఒక శాతం పైమాట, ఏడాదికి 12. దానికి రెట్టింపు, అంటే 24 దాటితే గానీ ఇది అదృష్టం కాదు అని ధైర్యంగా అనలేం. 18 అనగానే కళ్ళు పెద్దవవుతాయి, కానీ లెక్కలో అది సున్నాకి దూరంగా ఉందని చెప్పలేం.

ఇంకో సంగతి, ఇది మన దగ్గర ఎక్కువ. చిన్న చిన్న షేర్లకి బీటా 0.4, 0.5 వస్తుంటుంది. చూసి అబ్బ ఎంత భద్రమైన షేరో అనుకుంటారు. జాగ్రత్త. ఆ షేరు రోజూ సరిగ్గా ట్రేడ్ కాదు. మార్కెట్ ఇవాళ పడితే దానికి వార్త నాలుగు రోజుల తర్వాత అందుతుంది, లేకపోతే లోయర్ సర్క్యూట్ తగిలి 5 శాతం దగ్గర ఆగిపోతుంది, అమ్మేవాళ్ళే తప్ప కొనేవాడుండడు. నిఫ్టీ ఊగినప్పుడు ఇది ఊగలేదని లెక్క రాసుకుంటుంది. బీటా తక్కువ వస్తే రావాల్సిన రాబడి తక్కువ వస్తుంది, 0.4 అయితే 9.4 చాలంటుంది గీత. అప్పుడు ఏ చెత్త షేరైనా గీతకి పైనే కనపడుతుంది. ఎలా పట్టుకోవాలి? రోజువారీ రాబడులతో ఒకసారి, నెలవారీ రాబడులతో ఒకసారి బీటా కట్టండి. నెలవారీది బాగా పెరిగితే రోజువారీది అబద్ధం. లేదా అదే వ్యాపారంలో ఉన్న పెద్ద కంపెనీల బీటాలు చూసి సగటు తీసుకోండి, నేనైతే అదే చేస్తాను.

గీత మీదే అనుమానం లేదా సార్ అని అడిగారు, ముందు వరసలో అమ్మాయి. ఉందమ్మా, చాలా ఉంది. 1972లో బ్లాక్, జెన్సెన్, షోల్స్ ముగ్గురూ కలిసి అమెరికా షేర్లు బీటా వారీగా విడగొట్టి చూస్తే, నిజం గీత పుస్తకంలో గీత కంటే వాలు తక్కువగా ఉంది. ఎక్కువ బీటా షేర్లు పుస్తకం చెప్పినంత ఇవ్వలేదు, తక్కువ బీటావి అంతకంటే ఎక్కువే ఇచ్చాయి. దీని అర్థం ఏంటి? పుస్తకం గీత పట్టుకుంటే 1.3, 1.5 బీటా షేర్లన్నిటికీ ఆల్ఫా మైనస్ వైపే మొగ్గుతుంది. అందుకే నేను బీటా 1.3 షేరుని బీటా 0.6 షేరుతో పోల్చను. దాని దగ్గర్లో, 1.2, 1.4 ఉన్నవాటికి కూడా అదే పద్ధతిలో ముందుకి చూసే ఆల్ఫా కడతాను. అన్నీ మైనస్ 2.5, మైనస్ 3 వస్తుంటే మన షేరులో వింతేం లేదు, గీతే అక్కడ ఎత్తుగా ఉంది. చుట్టుపక్కలవి సున్నా దగ్గరుండి మనది ఒక్కటే మైనస్ 2.8 ఉంటే, అప్పుడు ధర ఎక్కువన్న మాటకి బలం.

చివరి ప్రశ్న తీసుకుంటాను, టైమైపోయింది. ఆల్ఫా మైనస్ అని తేలితే షార్ట్ చేయొచ్చా, అంటే ధర పడుతుందని ముందే అమ్మేసి తర్వాత కొనుక్కోవచ్చా? ఇదే షేరు తీసుకోండి. వచ్చే ఏడాది మార్కెట్ 20 శాతం పెరిగిందనుకుందాం. బాండు 7 తీసేస్తే 13, దాన్ని 1.3తో గుణిస్తే 16.9, మళ్ళీ 7 కలిపితే 23.9. అందులోంచి ఆల్ఫా 2.8 తీసేయండి. 21.1. అంటే మీరు ధర ఎక్కువ అని సరిగ్గా పట్టుకున్న షేరు, మీ లెక్క అక్షరాలా నిజమైన ఏడాదిలో, 21 శాతం పెరుగుతుంది. ఉన్నవాడు పండగ చేసుకుంటాడు, షార్ట్ చేసినవాడికి ఇంకా డబ్బు కట్టమని మార్జిన్ కాల్ వస్తుంది. ఆ 2.8ని నిజంగా పట్టుకోవాలంటే షేరుని షార్ట్ చేసి, ప్రతి 100 రూపాయలకీ 130 రూపాయల నిఫ్టీ ఫ్యూచర్ కొని బీటాని చంపాలి. దానికయ్యే బ్రోకరేజీ, ప్రతి నెలా కాంట్రాక్టు మార్చుకునే ఖర్చు, రెండు వైపులా మార్జిన్ కలిపితే ఆ 2.8లో మిగిలేది ఎంతో మీరే వేసుకోండి. అసలు ఆ షేరుకి ఫ్యూచర్స్ ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. నేను చేసేది అంతకంటే చప్పగా ఉంటుంది: నా దగ్గర ఉంటే అమ్మి గీత దగ్గరున్నది ఇంకోటి కొంటాను, లేకపోతే దాని జోలికి వెళ్ళను.